మార్కు పోయేది ‘వాట్’ దగ్గర కాదు, ‘వాజ్’ దగ్గర

ప్రశ్న: విజయనగరంలో ఉండి కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ పరీక్ష సీ1 అడ్వాన్స్‌డ్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఇచ్చిన పదం వాడి, అర్థం మారకుండా వాక్యాన్ని తిరగరాసే కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ‘వాట్ ఐ నీడ్ ఈజ్ రెస్ట్’ లాంటి క్లెఫ్ట్ సెంటెన్స్ వస్తే రెండు మార్కుల్లో ఒకటి పోతోంది. ఎక్కడ తప్పుతున్నాను?

చాలావరకు ‘ఈజ్’, ‘వాజ్’ దగ్గరా, వాటి వెనకే వచ్చే వెర్బ్ దగ్గరా తప్పుతూ ఉంటారండీ. ఈ నిర్మాణం మనకి కొత్తదేం కాదు. ‘నాకు కావాల్సింది రెస్ట్’ అని రోజూ అంటూనే ఉంటాం. కాకపోతే మన వాక్యంలో ‘ఈజ్’కి చోటు లేదు. ఆ అలవాటుతోనే తొందరలో ‘వాట్ ఐ నీడ్ రెస్ట్’ అని రాసేస్తారు. ఇది కాస్త నెమ్మదిగా చదివితే దొరికిపోయే తప్పు. అసలు చిక్కు ‘డిడ్’ వచ్చినప్పుడు.

ఒక ప్రశ్న చూడండి. మొదటి వాక్యం: ‘రవి డిడ్ నాట్ షౌట్ ఎట్ ద కండక్టర్, హీ జస్ట్ గాట్ ఆఫ్ ఎట్ చీపురుపల్లి.’ ఇచ్చిన పదం ‘డిడ్’. రెండో వాక్యం: ‘రవి డిడ్ నాట్ షౌట్ ఎట్ ద కండక్టర్, (ఖాళీ) ఆఫ్ ఎట్ చీపురుపల్లి.’ జవాబు ‘ఆల్ హీ డిడ్ వాజ్ గెట్’. అయిదు పదాలు. సీ1లో మూడు నుంచి ఆరు పదాల్లోపు రాయాలి కాబట్టి ‘వాజ్ టు గెట్’ అన్నా ఆరుతో సరిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది రాసేది ‘ఆల్ హీ డిడ్ వాజ్ గాట్’. పై వాక్యంలో ‘గాట్’ కళ్లెదురుగా ఉండటంతో అదే దిగిపోతుంది. జరిగిన కాలాన్ని ‘డిడ్’ చెప్పేసింది, ‘వాజ్’ కూడా చెప్పేసింది. ఆ తర్వాత వచ్చేది అతను చేసిన పనికి పేరు మాత్రమే, దానికి మళ్లీ కాలం అక్కర్లేదు. ‘అతను చేసిందల్లా దిగిపోవడమే’ అనుకోండి. మనం కూడా ‘దిగిపోయాడే’ అనం కదా. ముందు భాగంలో ‘డూయింగ్’ ఉంటే మాత్రం వెనక వెర్బ్‌కీ ‘ఇంగ్’ వస్తుంది: ‘వాట్ హీ ఈజ్ డూయింగ్ ఈజ్ వెయిటింగ్’.

‘ఆల్’ బదులు ‘వాట్’ పెట్టినా గ్రామర్ తప్పు కాదు, కానీ పై వాక్యంలోని ‘జస్ట్’ ఎగిరిపోతుంది. ఈ సెక్షన్‌లో అర్థం మారకూడదు. అసలు వాక్యంలో ‘ఓన్లీ’, ‘జస్ట్’, ‘సింప్లీ’ కనిపిస్తే ముందు ‘ఆల్’ గురించి ఆలోచించండి. మన వైపు దొరికే జిరాక్స్ మెటీరియల్ మీద నాకున్న కోపం ఇదే. ‘వాట్’ మోడల్ ఒక్కటి పట్టికలో పెట్టి, నలభై వాక్యాలు బట్టీ పట్టించి, ‘ఆల్’ని ఎక్కడో మూలన ఒక్క లైనులో ముగించేస్తారు. కొన్నింటిలో రెండు పదాలతో పూర్తయ్యే ఖాళీలు కూడా ఉంటాయి. అసలు పరీక్షలో అలాంటివి రావు.

ఇంకో రకం ‘ఇట్’తో మొదలయ్యేది. ‘ఐ ఓన్లీ రియలైజ్డ్ ఐ హ్యాడ్ లెఫ్ట్ మై ఫోన్ బిహైండ్ వెన్ ఐ గాట్ టు బొబ్బిలి.’ ఇచ్చిన పదం ‘అన్‌టిల్’. రెండోది ‘ఇట్ (ఖాళీ) బొబ్బిలి దట్ ఐ రియలైజ్డ్ ఐ హ్యాడ్ లెఫ్ట్ మై ఫోన్ బిహైండ్.’ జవాబు ‘వాజ్ నాట్ అన్‌టిల్ ఐ గాట్ టు’, సరిగ్గా ఆరు పదాలు. ‘వాజంట్’ అని కలిపి రాస్తే ఒక పదం మిగులుతుందని ఆశ పెట్టుకోకండి, దాన్ని రెండుగానే లెక్కపెడతారు. ‘కాంట్’ ఒక్కటే మినహాయింపు, అది ‘కెనాట్’ కాబట్టి ఒకటే.

ఇందులో కొందరు ‘నాట్’ వదిలేసి ‘ఇట్ వాజ్ అన్‌టిల్’ అని రాస్తారు. పై వాక్యంలో ‘నాట్’ ఎక్కడా లేదు కదా అన్నది వాళ్ల వాదన. కానీ ‘ఓన్లీ వెన్’లో ఉన్న అర్థమే ‘నాట్ అన్‌టిల్’గా మారుతోంది. బొబ్బిలి చేరేదాకా తెలియలేదు అన్నదాంట్లో ‘లేదు’ తీసేస్తే ఏం మిగులుతుంది? ఇంకొందరు ఖాళీ ‘దట్’ తర్వాత ఉన్నప్పుడు ‘డిడ్ ఐ రియలైజ్’ అని తిప్పి రాస్తారు. అది ఇన్వర్షన్ పాఠంతో కలిసిపోవడం వల్ల. వాక్యం ‘నాట్ అన్‌టిల్’తోనే మొదలైతే తిప్పాలి. ముందు ‘ఇట్ వాజ్’ ఉండి, వెనక ‘దట్’ ఉంటే మామూలు వరసలోనే ‘ఐ రియలైజ్డ్’ అని రాయాలి.