కిక్ బోర్డు పట్టుకుంటే వెనక్కి ఎందుకు పోతాం? చీలమండకీ తుంటికీ ఉన్న లెక్క

ప్రశ్న: "అన్నా, నేను బల్లార్షాలో పోలీస్ భర్తీకి ప్రాక్టీస్ చేస్తున్నా. 1600 మీటర్ల రన్నింగ్‌లో బాగానే ఉన్నా, కాళ్ళలో బలం ఉంది. ఈమధ్య చంద్రపూర్‌లో ఫ్రీస్టైల్ ఈత నేర్చుకుంటున్నా. నీళ్ళ మీద తేలే కిక్ బోర్డు పట్టుకుని కాళ్ళు ఎంత కొట్టినా ఉన్నచోటే ఉంటున్నా, ఒక్కోసారి వెనక్కి కూడా పోతున్నా. పక్క లేన్‌లో చిన్నపిల్లలు దాటిపోతున్నారు. కోచ్ తుంటి నుంచి కొట్టమంటాడు, ఇంకొకాయన నీ చీలమండలు గట్టిగా ఉన్నాయంటాడు. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటా విను తమ్ముడూ, ఎందుకంటే అవి రెండు వేర్వేరు తప్పులు కావు. చీలమండ బిగిసి ఉండటం వల్లే నువ్వు మోకాలి నుంచి కొడుతున్నావని నా అనుమానం. రన్నింగ్, కబడ్డీ ఆడి వచ్చిన కుర్రాళ్ళలో ఇది మళ్ళీ మళ్ళీ చూశాను. మా బాబాయి కొడుకుదీ ఇదే కథ, వాడి సంగతి కింద చెప్తాను.

ముందు వెనక్కి పోవడం సంగతి చూద్దాం. బోర్లా పడుకుని కాలు కిందికి కొట్టినప్పుడు నీళ్ళను తోసేది మీగాలు, అంటే పాదం పైభాగం. నీళ్ళ మీద పడే తోపుడు దాదాపుగా ఆ భాగం ఏ వైపు చూస్తుందో ఆ వైపే పడుతుంది. మీగాలు కిందికీ వెనక్కీ చూస్తుంటే నీళ్ళు కిందికీ వెనక్కీ పోతాయి, నువ్వు పైకీ ముందుకీ పోతావు. అది సూటిగా అడుగుకే చూస్తుంటే నువ్వు పైకి లేస్తావు తప్ప ముందుకు కదలవు. ఇక చీలమండ వంగక వేళ్ళు కిందికి వేలాడుతుంటే మీగాలు నీ తల వైపు చూస్తుంది. అప్పుడు నువ్వు బలం పెట్టి కొట్టే ప్రతి దెబ్బా నీళ్ళను ముందుకు తోస్తుంది, కాబట్టి నువ్వు వెనక్కి పోతావు. నీ కాళ్ళలో బలం ఉంది కదా, ఆ బలమే నిన్ను వెనక్కి లాగుతోంది.

ఇప్పుడు మోకాలు ఎక్కడ వచ్చి చేరుతుందో ఒక చిన్న లెక్కతో చెప్తాను. చీలమండ మెత్తగా ఉన్నవాడి మీగాలు మోకాలి కింది కాలితో దాదాపు ఒకే గీతలోకి వస్తుంది. వాడు మోకాలు కొంచెం వంచి, కింది కాలు వెనక వైపు 30 డిగ్రీలు పైకి లేచేలా పెట్టి కొట్టాడనుకో, మీగాలు కూడా అంతే వాలుగా ఉంటుంది, తోపుడులో సగం వెనక్కి పోతుంది (సైన్ 30 అంటే సగమే కదా). నీ పాదం ఆ గీతకి 30 డిగ్రీలు తక్కువలో ఆగిపోతుందనుకుందాం. నువ్వు కూడా కింది కాలు 30 డిగ్రీలే లేపితే నీ మీగాలు సూటిగా అడుగుకి చూస్తుంది, ముందుకు ఏమీ రాదు. వాడితో సమానంగా రావాలంటే నువ్వు 60 డిగ్రీలు లేపాలి. నిజం నీళ్ళల్లో శరీరం ముందుకు కదిలే వేగం కూడా కలుస్తుంది కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ పోయే దిశ ఇదే. అందుకే నీకు తెలియకుండానే ఒళ్ళు మోకాలిని ఎక్కువ వంచుతుంది, పాదం చేయలేని పనిని మోకాలితో చేయించుకుంటుంది. దాని ఖర్చేమిటంటే, మోకాలు అంత వంగాలంటే తొడ కిందికి దిగుతుంది, ఆ తొడ ముందు భాగం ఎదురుగా వచ్చే నీళ్ళకు అడ్డుగోడలా నిలబడుతుంది, పైగా మడమ నీళ్ళు దాటి గాలిలోకి లేచి గాలినే కొడుతుంది. చుట్టూ చూసేవాళ్ళకి నువ్వు సైకిల్ తొక్కుతున్నట్టు కనిపిస్తావు. నీళ్ళ నిరోధం వేగం రెట్టింపయితే సుమారు నాలుగు రెట్లవుతుంది, కాబట్టి చేతులతో వేగం పెంచేకొద్దీ ఈ తొడ అడ్డం మరీ కొంప ముంచుతుంది.

ఇది నీకు వర్తిస్తుందా లేదా నువ్వే తేల్చుకోవచ్చు. పూల్ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలోకి చాపు, వెల్లకిలా కొట్టినట్టు కాళ్ళు పైకి విసురు. ఈ పైకి విసరడమే బోర్లా పడుకున్నప్పుడు కిందికి కొట్టడం. నీళ్ళు నీ నుంచి దూరంగా, పూల్ మధ్యకి తోసుకుంటూ పోతున్నాయా, లేక నీ ఒళ్ళో, మొహం మీద పడుతున్నాయా? మొహం మీద పడితే పాదం తప్పు దిక్కున ఉన్నట్టే. ఇంకో పరీక్ష పాదాలకి తొడిగే పొట్టి ఫిన్స్‌తో. ఫిన్ రెక్క నీళ్ళ ఒత్తిడికి తనంతట తాను వంగి వెనక్కి చూస్తుంది, అంటే మెత్తటి చీలమండ చేసే పని అది చేసి పెడుతుంది. ఫిన్స్ వేస్తే హాయిగా పోయి, తీస్తే ఆగిపోతున్నావంటే లోపం ఎక్కువగా చీలమండలో ఉంది. ఫిన్స్ వేసినా సైకిలే తొక్కుతున్నావంటే తుంటి దగ్గర అలవాటు కూడా మార్చుకోవాలి.

తుంటి నుంచి కొట్టడమంటే కాలు కర్రలా బిగించి ఊపడం కాదు, చాలామంది అలాగే అర్థం చేసుకుంటారు. నడుము ఊపడం అసలే కాదు. తొడ ముందు కదులుతుంది, కింది కాలు ఇంకా పైకి పోతుండగానే తొడ కిందికి దిగడం మొదలవుతుంది, అందువల్ల మోకాలు దానంతటదే కొద్దిగా మడుస్తుంది, తర్వాత మోకాలు చాచుకుంటుంది, చివరికి పాదం చెళ్ళుమంటుంది. చెర్నాకోల పిడి దగ్గర చిన్నగా కదిలితే కొసలో ఎలా అదిరిపోతుందో, అదే వరస. పెద్ద కండలన్నీ తుంటి చుట్టూ ఉన్నాయి, వేగం అంతా పాదం దగ్గర రావాలి. మోకాలి నుంచి మొదలుపెడితే ఆ పెద్ద కండలు ఖాళీగా కూర్చుంటాయి, తొడ ముందు కండ ఒక్కటే మండిపోతుంది. పైకి తెచ్చేటప్పుడు కాలు చాచి, పిరుదు కండతో ఎత్తాలి. మొత్తం ఊపు పైనుంచి కిందికి అడుగు, అడుగున్నర కంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా, వేళ్ళు చాపి బిగించి పెట్టుకోవద్దు. పాదం వదులుగా ఉంటే కిందికి కొట్టేటప్పుడు నీళ్ళే దాన్ని చాపుతాయి, పైకి లేపేటప్పుడు నీళ్ళే దాన్ని కొంచెం వెనక్కి వంచి అరికాలిని వెనక వైపు తిప్పుతాయి. బలవంతంగా చాపితే రెండో భాగం పోతుంది, పిక్కో అరికాలో పట్టేస్తుంది. బొటనవేళ్ళు కొద్దిగా లోపలికి తిరిగి ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతే చాలు.

ఇక మా బాబాయి కొడుకు సంగతి. వాడు రాజురాలో ఉంటాడు, వాడూ భర్తీ బ్యాచే. ఈత వార్ధా నదిలో నేర్చుకున్నాడు, మా వైపు చాలామంది లాగే తల పైకెత్తి కప్పలా కాళ్ళు కొట్టే ఈత. ఆ ఈతలో పాదం వెనక్కి మడిచి, బయటికి తిప్పి తన్నాలి, అక్కడ అదే సరైనది, ఫ్రీస్టైల్‌కి సరిగ్గా దానికి ఎదురు. దానికి తోడు రోజూ రన్నింగ్. కూర్చుని కాళ్ళు చాపి వేళ్ళు చాపమంటే వాడి పాదం ఇంకా గోడలా నిలబడే ఉండేది. మామూలు మనిషికి నిటారు నుంచి 50 డిగ్రీల వరకు పాదం కిందికి వంగుతుందని డాక్టర్లు లెక్క వేస్తారు, మంచి ఈతగాళ్ళకి అంతకంటే బాగా ఎక్కువ వంగుతుంది, వాడిది ఆ మామూలు దాకా కూడా రాలేదు. బోర్డుతో 25 మీటర్లకి నిమిషంన్నర దాటేది, చేరేసరికి తొడలు పట్టేసేవి.

వాడితో రోజూ ప్రాక్టీస్ అయ్యాక, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు, చాప మీద వజ్రాసనంలో కూర్చోబెట్టాం. మీగాళ్ళు నేలకి ఆని, వేళ్ళు సూటిగా వెనక్కి. చేతులు వెనక ఆనించి మెల్లగా వెనక్కి వాలి, అర నిమిషం చొప్పున రెండు మూడు సార్లు. మోకాలి మీద భారం పడుతుంటే మడమలకీ పిరుదులకీ మధ్య దిండు పెట్టుకోవాలి. మీగాలు పైన లాగినట్టు ఉంటే ఫర్వాలేదు. మడమ వెనక, లోపల ఎక్కడో నొక్కినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపెయ్, అక్కడ ఎముకకి ఎముక తగులుతుండవచ్చు, దాన్ని ఇంకా లాగితే వాపు వస్తుంది తప్ప మెత్తబడదు. పాత బెణుకు ఉన్న కాలైతే ముందే ఫిజియోకి చూపించు.

నీళ్ళల్లో బోర్డు కొన్నాళ్ళు పక్కన పెట్టించాం. బోర్డు మీద తల ఎత్తుకుని ఉంటే కాళ్ళు దిగిపోతాయి, మోకాలి అలవాటు ఇంకా గట్టిపడుతుంది. బదులుగా లోతు వైపున నిటారుగా నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 15, 20 సెకన్లు చిన్న చిన్న కిక్స్. ఇందులో మోసం కుదరదు, మోకాళ్ళు ముందుకొస్తే గడ్డం మునిగిపోతుంది, తొడలు ముందుకీ వెనక్కీ సమానంగా ఊగితేనే తల పైన ఉంటుంది. ఆ వెంటనే అదే ఊపుతో బోర్లా పడుకుని గోడ తోసి పోవాలి. తుంటి సంగతి వాడికి కొద్ది వారాల్లోనే పట్టుబడింది, చీలమండకి మాత్రం నెలలు పట్టింది. అదే 25 మీటర్లు ఇప్పుడు 50 సెకన్ల చుట్టుపక్కల వస్తున్నాడు. పక్క లేన్ పిల్లలు ఇప్పటికీ వాడిని దాటిపోతారు, వాళ్ళ కీళ్ళు వేరు.

నీకు ఒక జాగ్రత్త. పరుగులో చీలమండ కొంత బిగువుగా ఉండటమే మేలు, నేలని తన్నగానే తిరిగి ఎగరేసేది ఆ బిగువే. కాబట్టి గ్రౌండ్ టెస్ట్ దగ్గర్లో ఉంటే ఈ సాగదీతలు ఎక్కువ పెట్టుకోకు, రన్నింగ్‌కి ముందు అసలే వద్దు. అప్పటిదాకా తుంటి పని ఒక్కటే చెయ్, దానివల్ల పరుగుకి నష్టం లేదు.

అన్నీ చేసినా చీలమండ ఒక హద్దు దాటి వంగకపోవచ్చు, కొందరి ఎముకల అమరికే అంత. అప్పుడు కిక్‌తో ముందుకు పోవాలనే పట్టు వదిలెయ్. ఫ్రీస్టైల్‌లో ముందుకు లాగేది ఎక్కువగా చేతులే, కాళ్ళు పెద్ద కండలు కాబట్టి ఊపిరి మాత్రం దండిగా తినేస్తాయి. దూరం ఈదేవాళ్ళు చాలామంది రెండు చేతులూ ఒక్కోసారి తిరిగేలోపు ఆరు కిక్స్ బదులు రెండే కొడతారు, ఒంటి తిరుగుడుకి సాయంగా, కాళ్ళు దిగిపోకుండా ఉండేంత మాత్రం. నీకు 50 మీటర్ల రేసు గెలవాలని లేకపోతే అది సరిపోతుంది. అంచున కూర్చునే పరీక్ష ముందు చేసి, నీళ్ళు ఎటు పోయాయో ఇక్కడే రాయి, దాన్ని బట్టి తుంటి పని ఎంత, చీలమండ పని ఎంత పెట్టుకోవాలో చెప్తాను.