సంతకం పడేవరకు ఏ దస్తావేజూ ఫైనల్ కాదు

ప్రశ్న: ఒకే డాక్యుమెంటుకు ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ అంటూ కాపీలు పోగుపడకుండా మీరు ఫైళ్లకు పేర్లు ఎలా పెడతారు?

నేను ఒక న్యాయవాది కార్యాలయంలో దస్తావేజుల ముసాయిదాలు తయారుచేస్తాను. ఫైలు పేరు అప్పటివరకు జరిగినదాన్ని మాత్రమే చెప్పాలి. 'ఫైనల్' అన్న మాట ఇక మార్పులు రావన్న మన ఆశను చెబుతుంది. ఆ ఆశ తప్పిన ప్రతిసారీ పక్కన మరో మాట చేర్చవలసి వస్తుంది.

ఒక ఇంటి స్థలం విక్రయ దస్తావేజు విషయంలో జరిగింది చెబుతాను. మా కార్యాలయం నుంచి `final` అన్న పేరుతో ముసాయిదా రెండు పక్షాలకూ వెళ్లింది. కొనేవారి తరఫు న్యాయవాది తండ్రి పేరులోని అక్షరదోషం సరిచేసి `final2` అని పంపారు. అదే సాయంత్రం అమ్మేవారి తరఫు వారు తమ దగ్గరున్న `final`లోనే తూర్పు హద్దును 'ఖాళీ స్థలం' నుంచి '20 అడుగుల రోడ్డు'గా మార్చి, పేరు మార్చకుండానే తిప్పి పంపారు. అంకె పెద్దది గనుక `final2` తాజాదని అందరూ అనుకున్నారు. దాని మీద మరికొన్ని సవరణలు చేసి `latest` అని పేరు పెట్టారు. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం స్టాంపు పేపరు మీద అచ్చయింది అదే. సంతకాలకు ముందు మా సీనియర్ గుమాస్తా గారు హద్దులు పైకి చదివి వినిపిస్తుండగా, కొనే పెద్దాయన "తూర్పున రోడ్డు కదండీ, ఖాళీ స్థలం అంటారేమిటి?" అని అడిగారు. ఆయన అడగకపోతే ఆ తప్పు రిజిస్టరయిపోయి, దాన్ని దిద్దడానికి ఇరుపక్షాలూ మళ్లీ వచ్చి సవరణ దస్తావేజు రాసుకోవలసి వచ్చేది.

ఆ తర్వాత నుంచి మా దగ్గర పేర్లు ఇలా ఉంటున్నాయి:

```
SaleDeed_112-2_v03_2024-06-12.docx
SaleDeed_112-2_v03_KR.docx
SaleDeed_112-2_signed_2024-06-20.pdf
```

సర్వే నంబరు నిజానికి 112/2. విండోస్ ఫైలు పేరులో ఆ గీతను ఒప్పుకోదు కనుక అడ్డగీత వాడతాం. అంకెకు ముందు సున్నా ఎందుకంటే, అక్షరాల వరుసలో పేర్చే చోట `v10` వచ్చి `v2` కంటే ముందు కూర్చుంటుంది. తేదీలో సంవత్సరం ముందు రాస్తే పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. ఫోల్డరులో కనిపించే 'మార్చిన తేదీ'ని నేను నమ్మను. పాత కాపీని తెరిచి ఒక్క ఖాళీ కొట్టి సేవ్ చేసినా అది కొత్తదానిలా పైకి వస్తుంది.

పేరు రూపం కంటే అంకె ఎప్పుడు పెరగాలి, ఎవరు పెంచాలి అన్నదే ముఖ్యం. సేవ్ చేసినప్పుడల్లా పెంచితే వారానికే ఫోల్డరు నిండిపోతుంది. మా చేయి దాటి బయటికి వెళ్లినప్పుడు మాత్రమే అంకె పెరుగుతుంది. ఒకసారి పంపిన `v03`ని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోరు. అంకె ఇచ్చే అధికారం ఒక్కరిదే. మిగిలినవారు తాము సవరించిన ప్రతికి చివర తమ పొడి అక్షరాలు చేర్చి పంపుతారు, పైన ఉన్న `KR` అలాంటిదే. ఒకే `v03` మీద ఇద్దరి సవరణలు వస్తే, వర్డ్‌లో రివ్యూ కింద ఉన్న కంపేర్‌తో ఒక్కొక్కదాన్నీ అసలు `v03`తో పోల్చి, రెండింటి మార్పులూ కలిపి `v04` చేస్తాం. హద్దు దిద్దిన ప్రతి ఆనాడు `v03_KR`గా వచ్చి ఉంటే, రెండు కొమ్మలు ఉన్నాయని పేరు చూడగానే తెలిసేది.

ముసాయిదాలను వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపే అలవాటు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఫొటోలోని కాగితం ఏ ప్రతిదో ఎవరూ చెప్పలేరు. అందుకే ముసాయిదా ప్రతి పేజీ అడుగున ఫైలు పేరు అచ్చయ్యేలా వర్డ్‌లో `FILENAME` ఫీల్డు పెడతాను. కొత్త పేరుతో సేవ్ చేసిన తర్వాత ఆ ఫీల్డు మీద F9 నొక్కకపోతే పాత పేరే మిగిలిపోవచ్చు కనుక, అచ్చుకు ముందు అడుగు పంక్తిని తప్పక చూసుకోవాలి. స్టాంపు పేపరు మీద అచ్చువేసే ముందు దాన్ని తీసేస్తాం.

గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. అందరూ ఒకే కార్యాలయంలో ఉన్నప్పుడు అది చక్కగా సరిపోతుంది. ఆ వెర్షన్లకు పేర్లు కూడా పెట్టుకోవచ్చు. కానీ ఎదుటి పక్షం న్యాయవాది తన కంప్యూటరులో, తన వర్డ్ ఫైలులోనే దిద్దుతారు. ఆ ఫైలు మెయిలులో ప్రయాణించినంత కాలం దాని చరిత్రను చెప్పగలిగేది పేరొక్కటే. `signed` అన్న మాటను మాత్రం సంతకాలు పడి, స్కాన్ చేసిన పీడీఎఫ్ చేతికి వచ్చాకే వాడతాం.