ఏడో ఛానల్ ఎందుకు రాదు?

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. కిటికీకి పల్చటి ఇండోర్ యాంటెన్నా అంటించాను. 2, 4, 5 చక్కగా వస్తున్నాయి, 7 మాత్రం రావట్లేదు. బూస్టర్ కొన్నాను, పదిసార్లు స్కాన్ చేశాను. ఏం చేయాలి?

జవాబు: నెలకోసారైనా ఈ ఉత్తరం వస్తోంది. తెర మీద కనిపించే నంబరు ఒకటి, గాలిలో సిగ్నల్ వచ్చే నంబరు ఇంకొకటి కావడమే ఈ తికమకకు మూలం. న్యూయార్క్‌లో 2.1 నిజానికి 36వ ఛానల్ మీద, 4.1 35వ దాని మీద వస్తాయి. రెండూ యూహెచ్ఎఫ్, అంటే పొట్టి తరంగాలు. 7.1 మాత్రం నిజంగానే 7 మీద, వీహెచ్ఎఫ్ అనే పొడవాటి తరంగాల్లో వస్తుంది. ఆ తరంగం దాదాపు 1.7 మీటర్ల పొడవు. మూరెడు కూడా లేని అట్టముక్క దాన్ని సరిగా పట్టలేదు. డబ్బా మీద ఎన్ని మైళ్లని రాసినా అంతే. ఒకసారి 11.1 చూడండి. అదీ వీహెచ్ఎఫ్ మీదే వస్తుంది. అదీ లేకపోతే మీ జబ్బు ఇదే.

బూస్టర్ పీకేయండి. పట్టని సిగ్నల్‌ను అది పుట్టించదు, గోలను మాత్రం పెంచుతుంది. రెండు చువ్వలుండే పాతకాలపు యాంటెన్నా తెచ్చి, ఒక్కో చువ్వను 40 సెంటీమీటర్లు లాగి అడ్డంగా చాచండి. మీకు న్యూయార్క్ టవర్లు ఈశాన్యాన ఉన్నాయి కాబట్టి చువ్వల పక్కభాగం అటు తిరగాలి, కొనలు కాదు. కదిపిన ప్రతిసారీ స్కాన్ చేయకండి, చాలా టీవీల్లో పాత జాబితా చెరిగిపోతుంది. మాన్యువల్ ట్యూనింగ్‌లో 7 కొట్టి, తెర మీది సిగ్నల్ మీటరు చూస్తూ యాంటెన్నాను జరపండి. బలం ఎక్కువగా ఉన్నా నాణ్యత ఊగిసలాడుతుంటే దగ్గర్లోని ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. వీహెచ్ఎఫ్‌ను ఎక్కువగా చెడగొట్టేవి అవే. నాణ్యత నిలకడగా ఉన్నచోట యాంటెన్నాను బిగించి, అప్పుడు ఒక్కసారి స్కాన్ చేయండి.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. సెటప్ మొదట్లోనే టీవీ వైఫై అడుగుతుంది, పొడవాటి ఒప్పందానికి 'సరే' అనిపించుకుంటుంది. స్కాన్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ 'సరే'తో చాలా టీవీలు తెర మీది బొమ్మను గుర్తుపట్టి, మీరేం చూస్తున్నారో బయటికి పంపుతాయి. బొమ్మ యాంటెన్నా నుంచి వచ్చినా వదలవు. అనుమతి లేకుండా ఇదే పని చేసినందుకు 2017లో ఒక తయారీ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ, మీ న్యూజెర్సీ రాష్ట్రానికీ కలిపి 22 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. డబ్బు పెట్టి కొన్న పెట్టె ఇంటివాళ్ల మీదే నిఘా పెట్టడం నాకు సహించదు. ప్రైవసీ మెనూలో వీక్షణ సమాచారం అనే మీటను ఆపేయండి. యాంటెన్నా ఛానళ్లే చూసేవారైతే అసలు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకండి.