తేలు కుడితే ఏడుపు కాదు, అరికాళ్లు చూడండి

ప్రశ్న: బెంగళూరు సర్జాపూర్ వైపు కొత్త ఇంట్లోకి వచ్చాం. పక్కన బిల్డింగ్ పని జరుగుతోంది, నిన్న బాత్రూంలో తేలు కనిపించింది. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. తేలు గానీ జెర్రి గానీ కుడితే ఇంట్లోనే చూసుకోవచ్చా?

జవాబు: చిన్నపిల్లాణ్ణి తేలు కుడితే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చేది చిన్న ఎర్ర తేలు. దాని డెక్కలు సన్నగా ఉంటాయి. లావు డెక్కల పెద్ద నల్ల తేలు మంట ఎక్కువ పెడుతుంది గానీ, ఒళ్లంతా విషం పాకించడం తక్కువ. అయినా రంగు చూసి ధైర్యపడకండి, దాన్ని పట్టుకోవడానికి టైం పాడుచేయకండి.

కుట్టిన చోట మంట, తిమ్మిరి, కాస్త ఎరుపు మాత్రమే ఉంటే విషం అక్కడికే పరిమితమైనట్టు. కానీ ఎర్ర తేలు కుట్టిన చోట వాపు పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే వాపును కొలబద్దగా పెట్టుకోవద్దు.

ఉదాహరణకి, పదిహేను కిలోల పిల్లాణ్ణి రాత్రి ఎనిమిదింటికి కుట్టిందనుకోండి. గుక్కపట్టి ఏడ్చాడు. ఎనిమిదిన్నరకి రెండుసార్లు వాంతి, ఫ్యాన్ కిందే చొక్కా తడిసేంత చెమట, నోట్లోంచి చొంగ, అరికాళ్లు అరిచేతులు చల్లగా. మగపిల్లాడికి అంగం గట్టిపడి ఉండటం కూడా విషం ఒంట్లోకి ఎక్కిన గుర్తే, సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి. ఈలోపు ఏడుపు ఆగి వాడు వాలిపోతే, 'హమ్మయ్య, తగ్గింది' అనుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే. విషం వల్ల నరాల కొసల నుంచి అడ్రినలిన్ లాంటి పదార్థాలు ఒక్కసారిగా పొంగుతాయి. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె మీద భారం పడుతుంది, కొన్ని గంటల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. దగ్గు, ఎగశ్వాస మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

దీనికి, బిగుసుకున్న రక్తనాళాల్ని వదులు చేసే ప్రాజోసిన్ అనే మందు వాడకాన్ని నిలబెట్టింది మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. మోతాదు కిలోకి 30 మైక్రోగ్రాములు, అంటే ఈ పిల్లాడికి 450, సుమారు అర మిల్లీగ్రాము. కాళ్లు చేతులు వెచ్చబడేదాకా మూడేసి గంటలకోసారి ఇస్తారు. ఇంట్లో మాత్రం ఇవ్వకండి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, పైగా షాపులో దొరికే ఎక్స్‌ఎల్ మాత్ర మందును నెమ్మదిగా వదిలే రకం, దాన్ని విరిచి వేయకూడదు. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది. ఐసీయూ ఉన్న ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆ ఇంజెక్షన్ ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.

తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. మంత్రం వేస్తే తగ్గిందనే వాళ్లకి ఒకటే మాట: ఒళ్లంతా విషం ఎక్కని కేసులో నొప్పి దానంతటదే తగ్గుతుంది, పేరు మంత్రానికి పోతుంది. ఒక అలర్జీ ఇంజెక్షన్ పొడిచి ఇంటికి పంపేసే క్లినిక్‌లూ అంతే. పిల్లల్ని కనీసం ఆరు గంటలు, వీలైతే రోజంతా కనిపెట్టి చూడాలి.

జెర్రి సంగతి వేరు. రెండు గాట్లు, మంట, వాపు కనిపిస్తాయి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. సబ్బుతో కడిగి, మీ మోచేయి ఓర్చుకునేంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ వేయవచ్చు. టీటీ సంగతి డాక్టర్‌ని అడగండి. ఒంటినిండా దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు వస్తే అది అలర్జీ. అప్పుడు జెర్రే కదా అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.