ఏఐ రెండర్‌లో తప్పులు ఎలా పట్టాలి?

ఏఐతో చేసిన ఇంటి రెండర్ క్లయింట్‌కు పంపేముందు ఏమేం చెక్ చేయాలి?

మెట్లు, కిటికీలు లెక్కపెట్టి ప్లాన్‌తో పోల్చండి, ఆపైన నీడలు, ప్రతిబింబాలు, చివరగా జూమ్ చేసి అక్షరాలు చూడండి. ఇమేజ్ జనరేటర్ సూర్యుణ్ని ఒకచోట పెట్టి వెలుతురు లెక్కగట్టదు, నేర్చుకున్న ఫోటోల పోలికతో బొమ్మ నింపుతుంది. అందుకే నీడల్లో తప్పులు తరచుగా దొరుకుతాయి.

ఉదాహరణకు పిట్టగోడ మూల, గేటు స్తంభం పైకొన, చెట్టు కొన తీసుకోండి. ఒక్కోదాని నుంచి దాని నీడ కొనకు గీత గీసి రెండువైపులా పొడిగించండి. మూడూ ఒకే బిందువులో కలవాలి, లేదా సమాంతరంగా ఉండాలి. రెండు గీతలతో తేలదు, అవి ఎలాగూ ఎక్కడో కలుస్తాయి. ఒకే అద్దంలోని ప్రతిబింబాలకూ ఇదే పరీక్ష.

అప్‌స్కేల్ చేస్తే తప్పులు పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు, నేమ్‌ప్లేట్ మీది తప్పు అక్షరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని చెరిపి, అసలు పేరు ఫాంట్‌తో టైప్ చేయాల్సిందే.