అంత పెద్ద అమెరికా వియత్నాంలో ఎలా ఓడిపోయింది? రష్యా, చైనా సాయం చేయబట్టేనా?

సగం అవును. మిగతా సగం నాకు హనోయ్‌లో ఒక తుప్పు పట్టిన వంతెన మీద అర్థమైంది.

పోయిన డిసెంబరులో పదకొండు మందిమి ప్యాకేజీ టూర్‌లో వియత్నాం వెళ్ళాం. ‘రోజూ ఇండియన్ డిన్నర్ గ్యారంటీ’ అన్న ఏజెంటు నాలుగు రోజులు వరసగా అదే పనీరు, అదే చల్లారిన నాన్ పెట్టించాడు. ఆ గొడవ వేరే ప్రశ్నకి దాచుకుంటాను. లాంగ్ బియెన్ వంతెన చూపించమంటే గైడు నవ్వేసి, “పాత రైలు వంతెన సార్, అక్కడేముంది?” అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున, అందరూ నిద్రపోతుండగా, నేనొక్కడినే నడుచుకుంటూ వెళ్ళాను.

ఆ వంతెన మీద నాకు పట్టుదల మా పెదనాన్న వల్ల. 1954లో, అప్పటిదాకా వియత్నాంని ఏలిన ఫ్రెంచివాళ్ళు దియెన్ బియెన్ ఫూలో ఓడిపోయాక, దేశాన్ని హనోయ్ కేంద్రంగా కమ్యూనిస్టుల ఉత్తరం, సైగాన్ కేంద్రంగా దక్షిణం అని తాత్కాలికంగా విడదీస్తూ జెనీవాలో ఒప్పందం కుదిరింది. దాని అమలు చూడడానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కి మన దేశమే అధ్యక్షత వహించింది. కెనడా, పోలండ్ మిగతా ఇద్దరు సభ్యులు. ఆర్మీ సిగ్నల్స్‌లో ఉన్న పెదనాన్నని ఆ పనిమీద హనోయ్ పంపారు. 1956లో ఎన్నికలు పెట్టి ఉత్తర, దక్షిణాలని కలపాలని కాగితంలో రాసుకున్నారు. దక్షిణాన జియెమ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు, అమెరికా అతని వెనక నిలబడింది. ఎన్నికలు జరగనే లేదు. “రిపోర్టుల మీద రిపోర్టులు పంపేవాళ్ళం రా, చదివిన నాథుడు లేడు,” అనేవాడు పెదనాన్న. ఆయన ఆ వంతెన మీద దిగిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళాను.

వంతెన 1902కి ఫ్రెంచివాళ్ళు కట్టింది. కంపెనీ పేరున్న పలక ఇప్పటికీ ఉంది: డేడె అండ్ పీయే, పారిస్. ఈఫిల్ కట్టాడని యూట్యూబ్‌లో మనవాళ్ళు చెప్పేది నమ్మకండి. నడుమ ఒకే రైలు పట్టా, అటూ ఇటూ బైకులు. దేశమంతా కుడివైపు నడిస్తే ఈ వంతెన మీద మాత్రం మనలాగా ఎడమవైపు నడుస్తారు. మొదట్లో ఉక్కు చట్రాలు మూపురాల్లా ఎత్తుగా లేచి దిగుతుంటాయి. కాస్త ముందుకి నడిస్తే అవి మాయమై, పొట్టి పొట్టి గర్డర్లు వస్తాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్న నోరులా ఉంటుంది. ఆ పొట్టి గర్డర్లున్న చోటల్లా బాంబు పడిన చోటే.

దీన్నే ఎందుకు కొట్టారంటే, చైనా సరిహద్దు నుంచి వచ్చే రైలు, హైఫాంగ్ రేవు నుంచి వచ్చే రైలు, రెండూ ఎర్రనది దాటి హనోయ్ చేరాలంటే దీని మీదుగానే రావాలి. విమానాలు కూల్చే క్షిపణులు, మిగ్‌లు, ట్రక్కులు రష్యా ఇచ్చింది. చైనా బియ్యం, తుపాకులతో పాటు మనుషుల్ని కూడా పంపింది. 1965 నుంచి 1969 వరకు మొత్తం 3,20,000 మంది చైనా సైనికులు ఉత్తర వియత్నాంలో రైలు పట్టాలు బాగుచేస్తూ, విమాన విధ్వంసక తుపాకులు పేలుస్తూ పనిచేశారు. ఈ మాట చాలామందికి తెలియదు. తమాషా ఏమిటంటే అప్పటికే మాస్కోకి, బీజింగ్‌కి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1969 మార్చిలో ఉస్సూరి నది దగ్గర తుపాకులతోనే కొట్టుకున్నారు. హనోయ్ మాత్రం ఒకరివైపు తిరిగి రెండోవాళ్ళని దూరం చేసుకోకుండా ఇద్దరి దగ్గరా సాయం పుచ్చుకుంది.

మరి అమెరికా ఆ వంతెనని మొదటి రోజే ఎందుకు లేపెయ్యలేదు? వాళ్ళ బలగాలు 1965 మార్చిలో డా నాంగ్ తీరంలో దిగాయి, ఉత్తరం మీద వరస బాంబుదాడులూ ఆ నెలలోనే మొదలయ్యాయి. వంతెన మీద తొలి బాంబు పడింది మాత్రం 1967 ఆగస్టు 11న. అధ్యక్షుడు జాన్సన్‌కి కొరియా గుర్తుంది. 1950లో అమెరికా సైన్యం చైనా సరిహద్దు దాకా వెళ్తే చైనా లక్షల మందితో విరుచుకుపడింది. అందుకని ఈసారి చైనా సరిహద్దు పక్కన ఒక పట్టీ, హనోయ్, హైఫాంగ్‌ల చుట్టూ వలయాలు గీసి, అనుమతి లేకుండా కొట్టొద్దన్నాడు. హైఫాంగ్‌లో రష్యా ఓడలుండేవి, వాటి జోలికి అసలే వెళ్ళొద్దన్నాడు. ఏ లక్ష్యాన్ని కొట్టాలో మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చేవారు. సామాను ఓడలో ఉన్నప్పుడు ముట్టుకోరు, దాన్నే అడవిదారుల్లో ఒక్కో ట్రక్కులో వెతికి కొడతారు. ఆగస్టులో కూలిన వంతెన మీద రెండు నెలలు తిరక్కముందే రైళ్ళు నడిచాయి. అది కూలినన్నాళ్ళూ పడవలు, తేలే వంతెనలు పనిచేశాయి. మళ్ళీ కొట్టారు, మళ్ళీ కట్టారు.

1972 మేలో ఈ వంతెన మీదికి లేజర్‌తో గురి తప్పకుండా వెళ్ళే బాంబులు వచ్చాయి. వంద బాంబులు వేసినా తగలని చోట కొన్నిటితోనే పని అయిపోయింది. అదే నెలలో హైఫాంగ్ రేవులో మైన్లు కూడా వేశారు. ఏడేళ్ళు భయపడిన పని! రష్యా ఏం చేసింది? గట్టిగా ఖండించి, రెండు వారాల్లో, జాన్సన్ తర్వాత అధ్యక్షుడైన నిక్సన్‌కి మాస్కోలో విందు ఇచ్చింది. అంతకుముందు ఫిబ్రవరిలోనే ఆయన బీజింగ్‌లో మావోతో కరచాలనం చేసి వచ్చాడు. పెద్దవాళ్ళు ముగ్గురికీ ఇప్పుడు వియత్నాం కన్నా ఒకరితో ఒకరికి పని ఎక్కువైంది. అప్పటికి వియత్నాంలో అమెరికా సైనికులు లక్ష మంది కూడా మిగల్లేదు. 1969లో 5,40,000 దాటి ఉండేవాళ్ళు. అందుకే నేను ఎవరితోనైనా వాదిస్తాను, అమెరికా ఓడింది 1975లో కాదు, 1972లో.

సాక్ష్యం 1973 జనవరి 27 నాటి పారిస్ ఒప్పందంలోనే ఉంది. అమెరికా సైన్యం 60 రోజుల్లో పోవాలి. దక్షిణంలో తిష్ఠ వేసిన ఉత్తర వియత్నాం సైన్యం పోవాలని ఒక్క ముక్క లేదు. దక్షిణ అధ్యక్షుడు థియూ లబోదిబోమన్నాడు. ఉత్తర వియత్నాం ఒప్పందం మీరితే గట్టిగా దెబ్బ కొడతామని నిక్సన్ ఆయనకి లేఖల్లో మాటిచ్చి సంతకం పెట్టించాడు. మార్చి 29కి చివరి దళాలు వెళ్ళిపోయాయి. ఆగస్టు 15 నుంచి ఇండోచైనాలో బాంబులకి పైసా కూడా ఇవ్వకూడదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, మరుసటేడు నిక్సన్ గద్దె దిగాడు. ఇక లేఖల్లో ఇచ్చిన మాట ఎవరు నిలబెడతారు? 1975 ఏప్రిల్ 30న సైగాన్ అధ్యక్ష భవనం గేటు గుద్దుకుని ట్యాంకులు లోపలికొచ్చేనాటికి ఎదురుగా అమెరికా పోరాట దళం ఒక్కటీ లేదు. మేడ మీద హెలికాప్టర్ ఎక్కుతున్న జనం ఫొటో చూసి అందరూ అప్పుడే ఓడారనుకుంటారు. అది రాయబార కార్యాలయం కూడా కాదు, ఒక అపార్ట్‌మెంటు.

ఎక్కడికో వెళ్ళిపోయాను. ఆ ఉదయం మంచులో ఫోన్ తీసి పెదనాన్న ఫొటోతో పోల్చి చూశాను. ఆయన వెనక మూడు మూపురాలు వరసగా ఉన్నాయి, కింద నదిలో లంక. లంక అలాగే ఉంది, అరటి తోటలతో. మూపురాలున్న చోట పొట్టి గర్డర్లు. పక్కన చిలగడదుంపలు కాలుస్తున్న ముసలావిడ నా ఫోన్‌లోకి తొంగి చూసి, ఫొటోలోని ఉక్కు చట్రాన్ని, మా ముందున్న ఖాళీని మార్చి మార్చి వేలితో చూపించింది. అంతలో రైలొచ్చింది. వంతెన మొత్తం ఊగింది. ఆవిడ కుంపటి మీదున్న గిన్నెని ఒక చేత్తో పట్టుకుని, రైలు పోయేదాకా అలాగే కూర్చుంది.