నాలుగు నెలల పది రోజుల తర్వాత

ప్రశ్న: ఖుర్‌ఆన్‌లో కొన్ని ఆయతులు, తర్వాత వచ్చిన ఆయతుల వల్ల రద్దయిపోయాయని ఒకాయన వీడియోలో చెప్పాడు. వందకు పైనే అన్నాడు. నిజంగా ఎన్ని? ఎవరు తేల్చారు?

మా పిన్ని ఇంటి గొడవ చెప్తే మీకు సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం నా అభిప్రాయం.

మాది పల్నాడు వైపు నూర్‌బాషా కుటుంబం. పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు. బాబాయి పోయాక ఇద్దత్ కూర్చుంది, అంటే భర్త పోయినామె పాటించే గడువు, నాలుగు నెలల పది రోజులు. అది అయిన మర్నాడే మరిది వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వెంట కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. పిన్నికి ఒక్కతే కూతురు, నరసరావుపేటలో కాపురం. అత్తామామలు ఎప్పుడో పోయారు. కాబట్టి ఇంట్లో భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి సగం, మిగిలిన మూడు ఎనిమిదో వంతులు తమ్ముడివి. లెక్క న్యాయమైనదే. కానీ అతనికి ఇల్లు ఖాళీగా కావాలి, వెంటనే కావాలి.

నేను చదువుకున్నవాణ్ణని పిన్ని నన్ను పిలిపించింది. ఇంట్లో ఉన్న తెలుగు అనువాదం తీసి బఖరా సూరా 240వ ఆయతు చూపించాను. చనిపోయేవాళ్లు తమ భార్యలకు ఏడాది పాటు పోషణ ఉండేలా, ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా వసియ్యత్, అంటే వీలునామా, చేయాలని, వాళ్లంతట వాళ్లు వెళ్తే తప్పు లేదని అందులో ఉంది. కుర్రాడు ఫోన్ తీయకుండానే నవ్వాడు. "పెద్దమ్మా, అది మన్సూఖ్. 234 వచ్చి దాన్ని కొట్టేసింది" అన్నాడు.

మన్సూఖ్, అంటే రద్దయిపోయింది! ఎవరికైనా ఒక ఆయతు ఇబ్బందిగా ఉందంటే చాలు, ఈ మాట నోటి చివర సిద్ధంగా ఉంటుంది. ఈ ఫార్వర్డుల కాలంలో మరీ ఎక్కువైంది. మా గుంపులో ఒకడు రోజూ పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పువ్వుతో పాటు ఇలాంటిదొకటి పెడతాడు, సాయంత్రానికి దానికి విరుద్ధమైనది పెడతాడు. పోనీయండి.

అందరం కలిసి హజ్రత్ దగ్గరికి వెళ్లాం. నా చిన్నప్పుడు మస్జిదులో అరబీ అక్షరాల ఖాయిదా చెప్పిన ముసలాయన. మోకాళ్ల నొప్పులతో మంచం మీదే ఉన్నారు. కుర్రాడి మాట పూర్తిగా విని, "నువ్వు చెప్పింది తప్పేం కాదు, జమ్హూర్ మాట అదే" అన్నారు. నాకు గుండె జారింది. జమ్హూర్ అంటే పండితుల్లో ఎక్కువమంది. వాళ్ల లెక్క ఇలా ఉంటుంది. మొదట్లో విధవకు ఏడాది గడువు, ఏడాది పోషణ ఉండేవి. తర్వాత 234వ ఆయతు గడువును నాలుగు నెలల పది రోజులకు తగ్గించింది. పోషణ బదులు నిసా సూరా ఆమెకు ఆస్తిలో వాటా పెట్టింది, పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు.

ఇక్కడ నాకొక అనుమానం. 240ని 234 ఎలా కొట్టేస్తుంది? ముందున్నది వెనకున్నదాన్ని రద్దు చేయడమేంటి? అదే అడిగాను. హజ్రత్ నవ్వి, పుస్తకంలోని వరస, దిగివచ్చిన వరస ఒకటి కాదన్నారు. ఈ అనుమానం నాకంటే చాలా ముందే ఒకరికి వచ్చిందట. ఖుర్‌ఆన్ ప్రతులు రాయించిన ఖలీఫా ఉస్మాన్‌ను ఇబ్నె జుబైర్ అడిగారు: ఈ ఆయతును ఇంకోటి రద్దు చేసిందిగా, మళ్లీ ఎందుకు రాయిస్తున్నారు అని. దానికి ఉస్మాన్, నాయనా, నేను దేన్నీ దాని చోటు నుంచి కదపను అన్నారు. బుఖారీ హదీసుల్లో ఉంది ఇది. అంటే రద్దయిందని పేరు పడినా చదవడం మానలేదు, చెరిపేయలేదు. మన్సూఖ్ అంటే పుస్తకంలోంచి తీసేశారనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

తర్వాత హజ్రత్ రెండో మాట చెప్పారు. బుఖారీలోనే ముజాహిద్ వివరణ కూడా ఉంది. ముజాహిద్ అంటే మక్కాలో ప్రవక్త పినతండ్రి కొడుకు ఇబ్నె అబ్బాస్ దగ్గర చదువుకున్న మనిషి. ఆయన లెక్కలో ఏ ఆయతూ పోలేదు. నాలుగు నెలల పది రోజులు ఆమె మీదున్న విధి. ఏడాదికి మిగిలిన ఏడు నెలల ఇరవై రోజులు ఆమెకున్న హక్కు. ఉండాలనుకుంటే ఉంటుంది, వెళ్లాలనుకుంటే వెళ్తుంది. వెళ్లగొట్టకుండా అన్నది ఇంటివాళ్లకు, వెళ్తే తప్పు లేదు అన్నది ఆమెకు. ఒకటి బాధ్యత, ఇంకోటి వెసులుబాటు అయినప్పుడు రెండింటికీ పోట్లాట ఎక్కడుంది?

నన్నడిగితే నస్ఖ్‌కు, అంటే రద్దుకు, పండితులు కట్టిన కంచె మొత్తం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. రెండు ఆయతులు ఒకేసారి అమలు కావడానికి ఏ దారీ లేనప్పుడే రద్దు అనాలి. దారి ఉంటే రెండూ ఉంటాయి. దానితో పాటు ఏది ముందు దిగిందో, ఏది తర్వాత దిగిందో కచ్చితమైన కథనం ఉండాలి, మన ఊహ పనికిరాదు. మూడోది, రద్దు జరిగేది ఆజ్ఞల్లోనే. దేవుడి గురించి, పరలోకం గురించి, పాత ప్రవక్తల గురించి చెప్పినవి సమాచారం. సమాచారం రద్దయిందంటే మొదట చెప్పింది అబద్ధమనే కదా అర్థం. అందుకే అక్కడ నస్ఖ్ మాటే రాకూడదన్నారు.

ఇప్పుడు మీ వీడియో ఆయన చెప్పిన వంద సంగతి. ఆ అంకె ఆయన కల్పించింది కాదు, పాత పుస్తకాల్లో ఉన్నదే. తౌబా సూరా 5వ ఆయతు ఒక్కటే 124 ఆయతులను కొట్టేసిందని రాసినవాళ్లున్నారు. ఓర్చుకో, మన్నించు, వాళ్ల మానాన వాళ్లను వదిలెయ్ అన్నవన్నీ ఆ లెక్కలో పడేశారు. ఆ ఆయతుకు ముందున్న 4వది, ఒప్పందం నిలబెట్టుకున్నవాళ్ల జోలికి పోవద్దంటుంది. తర్వాతి 6వది, శరణు కోరినవాణ్ణి క్షేమంగా వాడి చోటికి చేర్చమంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న వాక్యాన్ని ఊడబెరికి 124 వాక్యాల మీద పెట్టడం ఏం పాండిత్యమో నాకైతే అర్థం కాదు. జర్కషీ లాంటి పండితులు దీన్ని ఒప్పుకోలేదు. ఓర్పు ఆజ్ఞ ఒక పరిస్థితికి, పోరాటం ఆజ్ఞ ఇంకో పరిస్థితికి. పరిస్థితి మళ్లీ మొదటికొస్తే మొదటి ఆజ్ఞే వర్తిస్తుంది, కాబట్టి అది రద్దు కాదన్నారు.

అసలు అంకెలు అంత పెరగడానికి కారణం మాట అర్థం మారడమే. తొలితరం వాళ్లు నస్ఖ్ అనే మాటను చాలా వదులుగా వాడేవారు. షుఅరా సూరాలో కవులను దారితప్పినవాళ్లు అనుసరిస్తారని ఉంది. మూడు ఆయతుల తర్వాత విశ్వసించినవాళ్లు తప్ప అని ఉంది. దీన్ని కూడా నస్ఖ్ అన్నారు. మన భాషలో దీన్ని మినహాయింపు అంటాం, రద్దు అనం. స్పెయిన్ పండితుడు షాతిబీ ఈ తేడాను విప్పి చెప్పాడు: పాతవాళ్లు మినహాయింపును, షరతును, వివరణను అన్నింటినీ నస్ఖ్ అనేవారు, తర్వాతివాళ్లు ఆ మాటను పూర్తి రద్దుకే పరిమితం చేశారు అని. కొత్త అర్థం పట్టుకుని పాత జాబితా చదివితే వందలే కనిపిస్తాయి మరి.

మన దేశం మనిషి ఢిల్లీ షా వలీయుల్లా 18వ శతాబ్దంలో పారసీలో రాసిన చిన్న పుస్తకంలో ఈ లెక్క తేల్చేశాడు. పాత అర్థంలో అయితే 500 దాకా పోతుందన్నాడు. ఈజిప్టు పండితుడు సుయూతీ ఏరి పెట్టిన ఇరవై చిల్లరను ఒక్కొక్కటిగా తీసుకుని, ఇది ఇలా కుదురుతుంది, అది అలా కుదురుతుంది అంటూ చివరికి అయిదు మిగిల్చాడు. వాటిలో ఒకటి చూడండి. అన్‌ఫాల్ సూరా 65లో ఓర్పున్న ఇరవై మంది రెండు వందల మందిని గెలుస్తారని ఉంది, అంటే ఒకడు పదిమందికి ఎదురు నిలవాలి. 66లో, దేవుడు ఇప్పుడు మీ భారం తగ్గించాడు, వంద మంది రెండు వందలను గెలుస్తారని ఉంది, అంటే ఒకడు ఇద్దరికి. తగ్గించానని ఆయతే చెబుతోంది. రద్దు అంటే అలా ఉండాలి.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. మా పిన్ని ఆయతు 240 ఆ అయిదింటిలోనే ఉంది. కుర్రాడు ఈ ముక్క పట్టుకుని ఎగిరాడు. కానీ షా వలీయుల్లా అక్కడ కూడా తలుపు పూర్తిగా మూయలేదు. జమ్హూర్ దగ్గర రద్దయిందంటూనే, భర్త అలా వసియ్యత్ చేయడం మంచిదేననీ, ఆమె మాత్రం దానికి కట్టుబడి ఉండక్కర్లేదనీ అర్థం చెప్పుకోవచ్చు అన్నాడు. నా వరకు అది అయిదు కాదు, నాలుగే. నేనెవర్ని లెక్క మార్చడానికి అంటారా? ముజాహిద్ ఉన్నాడు నాకు.

హజ్రత్ ఆ రోజు ఇంకో కథ చెప్పారు, అది మా పిన్నికి బాగా నచ్చింది. నాసిఖ్, మన్సూఖ్‌ల మీద, అంటే రద్దు చేసేవి, రద్దయ్యేవి వాటి మీద, పుస్తకం రాసిన హిబతుల్లా అనే బాగ్దాద్ పండితుడు అంధుడు. పేదవాడికి, అనాథకు, ఖైదీకి అన్నం పెడతారు అన్న ఆయతులో ఖైదీ మాట రద్దయిందని, ఆ ఖైదీ అంటే ముష్రిక్, అంటే బహుదేవతలను కొలిచేవాడు, అని రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన ముందు చదువుతుంటే కూతురు వింటోంది. "నాన్నా, ఇక్కడ తప్పు రాశావు" అంది. ఎలాగమ్మా అన్నాడు. ఖైదీకి అన్నం పెట్టాలి, ఆకలితో చంపకూడదని ముస్లిములందరూ ఒప్పుకున్నదే కదా అంది. నిజమేనన్నాడాయన.

"చూశావా, ఆడపిల్ల అడిగితే రద్దయింది కూడా లేచి కూర్చుంది" అంది పిన్ని.

చివరికి హజ్రత్ మరిదితో, "ఫత్వా అడిగితే ఏడాది పోషణ నీ మీద లేదనే చెప్తాను. కానీ వదినను ఇంట్లోంచి పంపెయ్ అని ఏ ఆయతూ నీకు చెప్పలేదు. ఎనిమిదో వంతుకు ఆమె కూడా యజమానురాలే, పంపకం జరిగేదాకా ఎలా పంపిస్తావ్?" అన్నారు. మరిది నేల చూశాడు. కుర్రాడు మాత్రం బైకెక్కేదాకా సణుగుతూనే ఉన్నాడు.

బాబాయి పోయిన ఎనిమిదో నెలలో పిన్ని తనంతట తనే కూతురి దగ్గరికి నరసరావుపేట వెళ్లింది. మనవరాలికి జ్వరం. "ఏడాది ఉంటానని అంత గొడవ చేశావు కదే పిన్నీ" అన్నాను బస్టాండులో. "వెళ్తే తప్పు లేదని నువ్వేగా చదివావు" అంది. ఇంటి తాళంచెవి చీర కొంగుకే ఉంది. వాటా లెక్క కాగితం మీద పడ్డాకే ఇస్తుందట.